ప్రిన్సిపాల్‌కి ఉత్తరం: వారానికో రోజు బోర్డు గేమ్స్ క్లబ్. చూసి చెప్పండి

లెక్కల టీచరమ్మ
అందరికీ నమస్కారం. ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో 6, 7 తరగతులకు లెక్కలు చెప్తాను. శుక్రవారం సాయంత్రం బడి వదిలాక బోర్డు గేమ్స్ క్లబ్ పెట్టాలని చాలా రోజులుగా ఉంది. మా ప్రిన్సిపాల్ మేడమ్ నోటిమాట వినరు, ఏదైనా కాగితం మీద పెట్టమంటారు. పెట్టాను. రేపు ఇవ్వబోయే ముందు మీ అందరి కళ్ళలో ఒకసారి పడితే మంచిదని ఇక్కడ వేస్తున్నాను.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

మన పాఠశాలలో 6, 7 తరగతుల విద్యార్థుల కోసం ప్రతి శుక్రవారం బోర్డు గేమ్స్ క్లబ్ ప్రారంభించాలని ప్రతిపాదిస్తున్నాను. బోర్డు గేమ్స్ వల్ల పిల్లల తెలివితేటలు, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పెరుగుతాయి. లెక్కల్లో మార్కులు గణనీయంగా పెరుగుతాయి. ఫోన్ల మీద ధ్యాస తగ్గుతుంది. సాయంత్రం 4 నుంచి 5 వరకు నేనే స్వయంగా పర్యవేక్షిస్తాను. ఎనిమిది రకాల ఆటలకు అంచనా ఖర్చు రూ.28,500. దయచేసి అనుమతి ఇవ్వగలరు."

చాలా? ఇంకేమైనా కలపాలా?

గళ్ళబోర్డు
మేడమ్, ఉత్తరం బాగుంది కానీ ఎనిమిది ఆటలెందుకు? చెస్ ఒక్కటి పెట్టండి చాలు. చెస్ ఆడితే లెక్కలు వస్తాయి, ఇది ఎప్పుడో రుజువైంది. మా అబ్బాయి రెండేళ్ళుగా కోచింగ్‌కి వెళ్తున్నాడు, ఇప్పుడు క్లాసులో సెకండ్. ఈ ముక్క ఉత్తరంలో రాయండి, మేడమ్ ఇంక కాదనరు.

ఈసీఐఎల్ ప్రయాణికుడు
పిల్లలకు గేమ్స్ అలవాటు చేయడం ఎందుకండీ? మా తమ్ముడి కొడుకు రాత్రి ఒంటి గంట దాకా ఫోన్‌లో అదే పని. వాడి దగ్గర ఫోన్ లాక్కుంటే అన్నం తినడు. టీచర్లే ఇలా క్లబ్బులు పెడితే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

లెక్కల టీచరమ్మ
అన్నా, ఫోన్ గేమ్స్ కాదు. అష్టాచెమ్మా, చెస్ లాంటివి, బల్ల మీద పరిచి ఆడేవి.

ఈసీఐఎల్ ప్రయాణికుడు
ఓ. హెడ్డింగ్ సగమే చూశాను. అయితే ఓకే. కానీ మా తమ్ముడి కొడుకు సంగతి ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్ హెచ్చెమ్
అమ్మా, నేను పదహారేళ్ళు హెడ్మాస్టరుగా చేశాను, ఇలాంటి ఉత్తరాలు చాలా చదివాను. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం నా బల్ల మీదకు వచ్చి ఉంటే "తర్వాత మాట్లాడదాం" అని ఫైల్లో పెట్టేవాణ్ణి. తప్పుగా అనుకోకు. ఎక్కడ ఆగిపోతానో చెప్తాను.

మొదట "4 నుంచి 5" దగ్గరే ఆగుతాను. మీ స్కూల్లో బస్సులు ఎన్నింటికి బయల్దేరతాయి?

లెక్కల టీచరమ్మ
4.10కి సార్.

రిటైర్డ్ హెచ్చెమ్
ఇంకేముంది. అంటే నీ క్లబ్బుకి వచ్చేది నడిచి ఇంటికెళ్ళే పిల్లలు, లేదా నాన్న బండి మీద వచ్చి తీసుకెళ్ళే పిల్లలు. బస్సు పిల్లలు రావాలంటే ఇంకో ట్రిప్ వెయ్యాలి. డీజిల్, డ్రైవర్ ఓవర్‌టైమ్, పిల్లల్ని దించడానికి ఆయా కూడా ఉండాలి. ఆ ఒక్క ట్రిప్ ఖర్చు ఏడాది తిరిగేసరికి నీ ఆటల డబ్బాల ఖర్చుని దాటిపోతుంది. ఉత్తరంలో మాత్రం రూ.28,500 ఒక్కటే కనబడుతోంది. ప్రిన్సిపాల్ అన్న మనిషి ముందు ఆ కనబడని ఖర్చునే చూస్తుంది. అది నువ్వు రాయకపోతే "ఈ అమ్మాయి ఆలోచించలేదు" అనుకుంటుంది.

అందుకే క్లబ్ బడి వేళల్లోనే ఉండాలి. ఏ పీరియడ్ తీసుకుంటావో, ఎవరిని అడిగి తీసుకున్నావో అదీ రాయాలి.

రెండోది, మార్కులు పెరుగుతాయన్న వాక్యం కొట్టెయ్యి. గళ్ళబోర్డు గారు కోప్పడకండి, చెస్ మంచి ఆటే, నేనూ ఆడతాను. కానీ ఇంగ్లండ్‌లో వంద ప్రైమరీ బడుల్లో పెద్ద ప్రయోగం ఒకటి చేశారు. కొన్ని బడుల్లో ఏడాది పాటు పిల్లలకు తరగతి వేళల్లోనే చెస్ నేర్పారు, మిగతావాటిలో నేర్పలేదు. ఇంకో ఏడాది ఆగి అందరికీ లెక్కల పరీక్ష పెడితే తేడా రాలేదు. 2016లో ఆ ఫలితం ప్రచురించారు. ప్రిన్సిపాల్‌కి ఈ సంగతి తెలియకపోయినా, ఒక పేరెంట్‌కి తెలిసి మీటింగ్‌లో లేచి అడిగితే సమాధానం చెప్పాల్సింది ఆమె.

గళ్ళబోర్డు
సార్, మరి మా వాడు సెకండ్ ఎలా వచ్చాడు?

రిటైర్డ్ హెచ్చెమ్
మీవాడు బాగా చదివే పిల్లవాడు కాబట్టి చెస్ కోచింగ్‌లో రెండేళ్ళు నిలబడ్డాడేమో. ఏది ముందో మనకు తెలియదు కదా.

అయితే ఆటల వల్ల లెక్కలకు ఏమీ లేదనడం కూడా తప్పే. 2008లో అమెరికాలో సీగ్లర్, రమణి అనే ఇద్దరు చిన్న పని ఒకటి చేశారు. బడికి రాకముందు వయసు పిల్లల చేత, ఒకటి నుంచి పది దాకా వరసగా గళ్ళున్న బోర్డు మీద, మన వైకుంఠపాళి మొదటి వరస లాంటిదన్నమాట, ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున నాలుగు సార్లు ఆడించారు. ఆ పిల్లలకు అంకెల అవగాహన మెరుగైంది, రెండు నెలలయ్యాక చూసినా నిలిచింది. అంకెలు లేకుండా రంగులు మాత్రమే ఉన్న బోర్డు మీద ఆడిన పిల్లలకు అంత లాభం లేదు. కాబట్టి ఆట ఏదైతే చేయిస్తుందో పిల్లవాడికి అదే వస్తుంది. చెస్ ఆడితే చెస్ వస్తుంది. నీవి 6, 7 తరగతులు. నీ పిల్లలకు నీ పాఠంలో ఏది పనికొస్తుందో అది వెతుక్కో.

డైస్‌రాజు
నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్, వీకెండ్స్ బోర్డ్ గేమ్స్ ఆడే బ్యాచ్. మేడమ్ ఎనిమిది ఆటలేంటో చెప్తే నేను రివ్యూ చేస్తా.

లెక్కల టీచరమ్మ
కటాన్, టికెట్ టు రైడ్, పాండెమిక్, కోడ్‌నేమ్స్, స్క్రాబుల్, బ్లాకస్, ఇంకో రెండు. ఇంటర్నెట్‌లో మంచి ఆటలని ఉన్నవి రాసుకున్నాను.

డైస్‌రాజు
అన్నీ సూపర్ ఆటలే. కానీ మేడమ్, పీరియడ్ ఎంత? 40 నిమిషాలా? పిల్లలు వచ్చి కూర్చోడానికి 5, డబ్బా తెరిచి సర్దడానికి 3, చివర్లో ముక్కలు లెక్కపెట్టి మూసేయడానికి 5. మీ చేతిలో మిగిలేది 27 నిమిషాలు. కటాన్ మా పెద్దవాళ్ళకే గంట దాటుతుంది, కొత్తవాళ్ళకి రూల్స్ చెప్పడానికే ఇరవై నిమిషాలు. పాండెమిక్ ముప్పావుగంట. ప్రతి శుక్రవారం ఆట సగంలో బెల్ కొడుతుంది. సగంలో ఆగిన ఆటంత చిరాకు ఇంకోటి లేదు, పిల్లలు మూడో వారం నుంచి రారు.

ఇంకోటి, మీరొక్కరే. ఆరు బల్లల మీద ఆరు కొత్త ఆటలు పెడితే ఆరుగురు ఒకేసారి "మేడమ్, ఇప్పుడేం చెయ్యాలి" అంటారు. నేను మా కజిన్ల పిల్లలకి రెండు ఆటలు ఒకేసారి నేర్పబోయి చేతులెత్తేశాను. ఇంట్లోనో వీధిలోనో సగం మందికి ముందే తెలిసిన ఆటలు పెట్టండి. బయటి డబ్బా ఒక్కటి చాలు. నన్నడిగితే బ్లాకస్. రూల్ ఒక్క వాక్యంలో అయిపోతుంది: నీ రంగు పలక నీ రంగు పలకకి మూల దగ్గరే తగలాలి, పక్క తగలకూడదు. నలుగురు ఆడతారు, పాతిక నిమిషాల్లో తేలిపోతుంది.

రిటైర్డ్ హెచ్చెమ్
బాగా చెప్పావు బాబూ. అమ్మా, నువ్వు ఎన్ని ఆటలని లెక్కపెట్టావు. లెక్కపెట్టాల్సింది ఎన్ని కుర్చీలని. 24 మంది పిల్లలైతే, అందరూ ఒకేసారి ఆడుతూ ఉండాలి. ఎవరైనా వంతు కోసం పక్కన నిలబడితే అక్కడి నుంచే గొడవ మొదలవుతుంది, పక్క క్లాసు టీచర్ వచ్చి కంప్లయింట్ చేస్తుంది.

లెక్కల టీచరమ్మ
సార్, రాత్రి కూర్చుని మళ్ళీ వేశాను. 24 మందికి ఇలా వస్తోంది:

అష్టాచెమ్మా రెండు సెట్లు, ఒక్కోదానికి నలుగురు, 8 మంది. పులి-మేక రెండు, 4 మంది. వామనగుంటలు రెండు, 4 మంది. చెస్ రెండు, 4 మంది. బ్లాకస్ ఒకటి, 4 మంది. సరిగ్గా 24.

ధరలకి ఆదివారం బేగంబజార్ వెళ్ళాను. పూజ సామాన్ల కొట్లో గవ్వలు దొరికాయి. అష్టాచెమ్మా గడులు మా వీధి టైలర్ బట్ట మీద కుట్టిస్తానన్నాడు, గవ్వలు, కాయలతో కలిపి సెట్టుకి రూ.150. పులి-మేక బోర్డు ఫ్లెక్స్ ప్రింట్, కాయలతో కలిపి రూ.100. వామనగుంటల చెక్క పీట రూ.600. చుట్టిపెట్టుకునే చెస్ షీట్, ప్లాస్టిక్ పావులు రూ.500. బ్లాకస్ రూ.1,300. అంటే 300, 200, 1,200, 1,000, 1,300, మొత్తం 4,000. జిప్ కవర్లు, తాళం వేసే ట్రంకు పెట్టె 600. ఏడాదిలో పోయే ముక్కలకు 700. అన్నీ కలిపి రూ.5,300. 28,500 నుంచి ఇక్కడికి దిగింది. నాకే సిగ్గేసింది.

ఆఫీసు రూమ్
ఒక స్కూల్లో అకౌంట్స్ చూస్తాను. 5,300 అయితే చాలా చోట్ల ప్రిన్సిపాల్ స్థాయిలోనే పాసైపోతుంది, మేనేజ్‌మెంట్ దాకా వెళ్ళక్కర్లేదు. ఆ గీత మీ స్కూల్లో ఎంత దగ్గర ఉందో మీ అకౌంటెంట్‌ని టీ టైమ్‌లో అడగండి. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి: టైలర్ బిల్లివ్వడు, పూజ సామాన్ల కొట్టు వాడు చీటీ మీద రాసిస్తాడు. మీ జేబులోంచి పెట్టి తర్వాత క్లెయిమ్ చేద్దామనుకుంటే ఇరుక్కుంటారు. "బిల్లు రాని కొనుగోళ్ళు రూ.500, వోచర్ మీద ఇప్పించగలరు" అని ఉత్తరంలోనే రాసేయండి. నాకు తెలిసిన డ్రాయింగ్ మాస్టారు రంగుల డబ్బులు రెండేళ్ళయినా రాలేదు.

పిల్లల దగ్గర ఫీజు వసూలు చేద్దామని మాత్రం అనకండి. యాభై రూపాయలైనా సరే, రసీదు, సర్క్యులర్, ఇవ్వనివాళ్ళ లిస్టు, పెద్ద తలనొప్పి.

మల్కాజిగిరి నాన్న
నాదో సందేహం. గవ్వలు వేయడం అంటే జూదం కదా? మా ఇంట్లో అమ్మ బతికున్నంత కాలం గవ్వలు ముట్టనిచ్చేది కాదు. మా తాత పత్తాల్లో పొలం పోగొట్టాడు, అందుకు. మా పాపను ఈ క్లబ్బుకి పంపమంటే నేను పంపను. తప్పనడం లేదు, చెప్తున్నా.

డైస్‌రాజు
అంకుల్, పందెం ఉంటేనే జూదం. డబ్బులు లేనప్పుడు గవ్వ అయినా పాచిక అయినా ఒకటే.

రిటైర్డ్ హెచ్చెమ్
వాదించకు బాబూ. ఆయన చెప్పింది విలువైన మాట. ఒక ఇంట్లో ఉన్న భయం ఇంకో పది ఇళ్ళల్లో ఉంటుంది, వాళ్ళు ఇక్కడ రాయరు, ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేస్తారు. అమ్మా, ఉత్తరంలో "పందెం ఉండదు, బహుమతి ఉండదు, గెలిచినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయం" అని ఒక వాక్యం పెట్టు. పేర్లు పెట్టేటప్పుడు కూడా కాస్త చూసుకో. పులి-మేకను మా వైపు పులిజూదం అంటారు. ఆ పేరుతో సర్క్యులర్ పంపితే ఇక చూసుకో.

లెక్కల టీచరమ్మ
అమ్మో సార్, మొదటి కాగితంలో పులిజూదం అనే రాశాను! మార్చాను.

మల్కాజిగిరి అన్నా, మీ బాధ అర్థమైంది. గవ్వలు లేని బల్లలు కూడా ఉంటాయి, ఏ పిల్లనీ ఏ బల్ల దగ్గరా బలవంతంగా కూర్చోబెట్టను.

హెచ్చెమ్ సార్ "నీ పాఠంలో పనికొచ్చేది వెతుక్కో" అన్నారు కదా, నిన్న 7వ తరగతిలో చిన్న పని చేశాను. డేటా పాఠం నడుస్తోంది. నాలుగు గవ్వలు తీసుకెళ్ళి "ఇవి నాణేల్లాంటివే అనుకుందాం, నోరు పైకి పడటం, కిందికి పడటం సమానం" అన్నాను. నాలుగు నాణేలైతే 16 రకాలుగా పడతాయి. అన్నీ నోళ్ళు పైకి, అంటే చెమ్మ, ఒక్కటే రకం. అన్నీ బోర్లా, అంటే అష్ట, అదీ ఒక్కటే. రెండు పడటానికి ఆరు రకాలు. కాబట్టి 160 సార్లు వేస్తే చెమ్మ ఒక పది, అష్ట ఒక పది, రెండు అరవై, ఒకటి, మూడు చెరో నలభై రావాలి. బోర్డు మీద రాసి పెట్టాను. తర్వాత పిల్లలు నాలుగు గుంపులుగా 160 సార్లు వేశారు.

అష్ట నాలుగు సార్లే పడింది. చెమ్మ 19. మూడు 57, రెండు 54, ఒకటి 26.

వెనక బెంచీ పిల్లాడొకడు, ఎప్పుడూ నోరు మెదపడు, లేచి "మేడమ్, గవ్వ వీపు ఉబ్బుగా ఉంది, అది ఒరిగి పడుతోంది, నాణెం కాదు" అన్నాడు. ఇంకో పిల్ల "అయితే అష్టకి ఎనిమిది గడులు ఎందుకిస్తారో ఇప్పుడర్థమైంది, కష్టంగా పడుతుంది కాబట్టి" అంది. దాని లెక్క పూర్తిగా సరికాదేమో, చెమ్మకి నాలుగే కదా ఇస్తారు. కానీ ఆ ప్రశ్న వాళ్ళకే వచ్చింది. పుస్తకంలో నాణెం, పాచిక లెక్కలు చేసినప్పుడు ఎవ్వరూ లేవలేదు.

రిటైర్డ్ హెచ్చెమ్
ఉత్తరంలో లాభం దగ్గర ఇదే రాయి. "తెలివితేటలు పెరుగుతాయి" తీసేసి ఈ 160 సార్ల పట్టిక కాగితానికి పిన్ను కొట్టు.

ఇంకో గవ్వల సెట్టుతో చేస్తే అంకెలు వేరేగా రావచ్చు. పిల్లల చేత అదీ చూపించు.

గళ్ళబోర్డు
ఇది చెస్‌లో రాదు, ఒప్పుకుంటున్నా. చెస్ బల్లలు రెండు మాత్రం ఉంచండి.

పుస్తకాల గది
ఇంతసేపూ చదువుతున్నాను. వేరే స్కూల్లో లైబ్రేరియన్‌ని. ఏ పీరియడ్ తీసుకుంటున్నారో ఇంకా చెప్పలేదు మేడమ్?

లెక్కల టీచరమ్మ
అక్కా, అదే చిక్కు. శుక్రవారం చివరిది 7-ఎకి పీఈటీ, 7-బికి లైబ్రరీ. పీఈటీ సార్‌ని అడిగితే "వారానికి రెండే పీరియడ్లు గ్రౌండ్‌లో ఉంటారు, అవి కూడా తీసుకుంటారా" అని మొహం మాడ్చారు. కాబట్టి లైబ్రరీ...

పుస్తకాల గది
అనుకున్నాను. ఎవరికి ఏం కావాలన్నా లైబ్రరీ పీరియడే ఖాళీగా కనిపిస్తుంది. యూనిట్ టెస్ట్ వస్తే లైబ్రరీ, యాన్యువల్ డే డ్యాన్స్ ప్రాక్టీస్ అంటే లైబ్రరీ. మీ మీద కోపం కాదు, ఏళ్ళ తరబడి ఇదే.

నేనొకటి అడుగుతాను. పీరియడ్ తీసుకోకండి, లైబ్రరీకే రండి. క్లబ్ లైబ్రరీ గదిలో, లైబ్రరీ పీరియడ్‌లోనే పెట్టండి. సగం మంది పుస్తకం తీసుకుంటారు, సగం మంది ఆడతారు, వచ్చే వారం తారుమారు. మీతో పాటు మీ లైబ్రేరియన్ కూడా ఉంటారు కాబట్టి మీరు సెలవు పెట్టినా ఆ రోజు ఆగదు. ఆటల డబ్బాలు కూడా పుస్తకాల్లాగే నంబరు వేసి రిజిస్టర్‌లో ఎక్కించవచ్చు.

రిటైర్డ్ హెచ్చెమ్
"మీరు లీవులో ఉంటే ఎవరు చూస్తారు" అని ప్రిన్సిపాల్ తప్పకుండా అడుగుతుంది. దానికి జవాబు దొరికింది. కానీ మీ లైబ్రేరియన్ ఈ అక్క కాదు కదా అమ్మా. ముందు మీ స్కూల్లో ఆవిడను అడుగు. ఉత్తరం కింద ఆవిడ సంతకం కూడా ఉంటే బలం.

పుస్తకాల గది
ముక్కల సంగతి అనుభవం మీద చెప్తాను. మా దగ్గర రెండు స్క్రాబుల్స్ ఉండేవి. ఏడాదిలో రెండూ కలిపినా ఒకటి కాలేదు. ఇప్పుడు ప్రతి డబ్బా మూత లోపల కాగితం అంటించాను: "పులులు 3, మేకలు 15, బోర్డు 1". ఆడటం అయ్యాక పిల్లలే లెక్కపెట్టి టిక్ పెట్టి నాకిస్తారు. తక్కువైతే అక్కడే బల్ల కింద వెతుకుతారు, ఎందుకంటే పక్క వారం వాళ్ళకే కావాలి. మేక పోతే చింతగింజ పెడతాం. రబ్బరు బ్యాండ్లు వాడకండి, మన ఎండలకు మే నెలకల్లా తెగి ముక్కలకే అతుక్కుపోతాయి. జిప్ కవర్లే.

మల్కాజిగిరి నాన్న
ఒక మాట. పులి-మేకలో గవ్వలు లేవు కదా? మా పాప అడుగుతోంది.

లెక్కల టీచరమ్మ
లేవన్నా. మూడు పులులు, పదిహేను మేకలు, 23 చోట్లు. మేకలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ రావాలి, అన్నీ పెట్టాకే కదలాలి. పులి మేక మీద నుంచి దూకితే తింటుంది. పులులకు కదలడానికి దారి లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. మొదటి రెండు మూడు సార్లు మేకల వాళ్ళే ఓడతారు, తర్వాత పులుల వాళ్ళు వణుకుతారు.

లెక్కల టీచరమ్మ
చివరి కాగితం ఇదీ. ఇదే రేపు ఇస్తున్నాను.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ మేడమ్‌కి,

శుక్రవారం చివరి పీరియడ్‌లో, 7-బి లైబ్రరీ పీరియడ్‌తో కలిపి, లైబ్రరీ గదిలోనే బోర్డు గేమ్స్ క్లబ్ నడపడానికి అనుమతి కోరుతున్నాను. వారానికి 24 మంది పిల్లలు ఆడతారు, మిగతావారు ఎప్పటిలాగే పుస్తకాలు చదువుతారు, మరుసటి వారం మారతారు. బస్సు వేళలు మారవు. పీఈటీ పీరియడ్ ముట్టుకోము. నేను సెలవులో ఉంటే లైబ్రేరియన్ గారు చూసుకుంటారు, వారి సంతకం కింద ఉంది.

దీనివల్ల మార్కులు పెరుగుతాయని నేను చెప్పలేను. 7వ తరగతి డేటా పాఠంలో గవ్వలతో చేసిన పట్టిక జతచేశాను. పుస్తకంలోని లెక్కకూ చేతిలోని గవ్వకూ తేడా ఎందుకొచ్చిందని పిల్లలే అడిగారు. మాట్లాడని పిల్లలు మాట్లాడటం, ఓడిపోయినా మళ్ళీ కూర్చోవడం, ముక్కలు లెక్కపెట్టి అప్పగించడం, ఇవి జరుగుతున్నాయో లేదో ప్రతి వారం రాసి మీకు చూపిస్తాను.

ఒక్కసారి ఖర్చు రూ.4,600, ఏడాదికి పోయే ముక్కలకు రూ.700. ఇందులో రూ.500కి బిల్లు రాదు, వోచర్ మీద ఇప్పించగలరు. పిల్లల నుంచి ఫీజు లేదు. పందెం, బహుమతి ఉండవు. పన్నెండు వారాల తర్వాత మీకు నచ్చకపోతే ఆపేస్తాను, డబ్బాలు లైబ్రరీలోనే ఉంటాయి."

రిటైర్డ్ హెచ్చెమ్
సంతకం పెట్టేవాణ్ణి.

లెక్కల టీచరమ్మ
వచ్చింది! మేడమ్ కాగితం మీద ఎర్ర పెన్నుతో రాశారు: "ఆరు వారాలు చూద్దాం. యూనిట్ టెస్ట్ వారంలో వద్దు. రూ.2,500 లోపు. ముక్కలకు వేరే డబ్బు లేదు."

ఇప్పుడు బ్లాకస్ తీసేశాను. అష్టాచెమ్మా రెండు 300, పులి-మేక రెండు 200, చెస్ రెండు 1,000, వామనగుంటలు ఒకటి 600, కవర్లకి 300. మొత్తం 2,400. ట్రంకు పెట్టె అక్కర్లేదు, లైబ్రరీ బీరువా ఉంది. కానీ కుర్చీలు 18కి దిగాయి. పేర్లిచ్చినవాళ్ళు 41 మంది. ఏం చెయ్యను?

డైస్‌రాజు
వామనగుంటల పీట వదిలేయండి. ఆ 600తో అష్టాచెమ్మా ఇంకో రెండు సెట్లు కుట్టిస్తే 300. ఇద్దరు తగ్గి ఎనిమిది మంది పెరుగుతారు. మళ్ళీ 24. పైగా మూడొందలు మిగిలాయి.

పుస్తకాల గది
వామనగుంటలు వదలక్కర్లేదు. కోడిగుడ్ల అట్టలు తెచ్చుకోండి. ముప్పై గుడ్ల అట్టలో వరసకి ఆరే గుంటలుంటాయి, మనకు ఏడు కావాలి. రెండు అట్టలు కత్తిరించి ఒకదానికొకటి కుట్టేస్తే ఏడు వస్తాయి. చింతగింజలు ఇంట్లోవే. మేం నాలుగేళ్ళు అలాగే ఆడించాం, వానాకాలంలో కాస్త మెత్తబడతాయి, అంతే.

లెక్కల టీచరమ్మ
అక్కా, కిరాణా కొట్టుకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. 41 మందిని రెండు వారాలకి పంచితే అందరికీ వంతు వస్తుంది.

ఇంకొక్కటి తేలాలి. అష్టాచెమ్మాలో లోపలి గడుల్లోకి వెళ్ళాలంటే ముందు ఎదుటివాడి కాయ ఒకటి చంపాలా, అక్కర్లేదా? నిన్న స్టాఫ్ రూమ్‌లో దీని మీదే అరగంట వాదన. మూత లోపల ఏది రాయను?

రిటైర్డ్ హెచ్చెమ్
చంపాలి. చంపకుండా పండించడమేంటి?

మల్కాజిగిరి నాన్న
మా అమ్మ వాళ్ళ వైపు అక్కర్లేదు అనేవాళ్ళట. మా పిన్ని చెప్పింది.

డైస్‌రాజు
27 నిమిషాలు గుర్తుంచుకోండి. చంపాలంటే ఆట సాగుతుంది.

రిటైర్డ్ హెచ్చెమ్
ఆట తొందరగా అవ్వాలని నియమం మారుస్తామా?

పుస్తకాల గది
ఏదైనా రాయండి కానీ గవ్వలు బల్ల మీద వేయనివ్వకండి. నాలుగు బల్లల మీద ఒకేసారి వేస్తే పక్క గది వాళ్ళు వస్తారు. మడత పెట్టిన దుప్పటి ముక్క మీద వేయించండి.

లెక్కల టీచరమ్మ
పాత దుప్పటి ఒకటుంది, రాత్రికే కత్తిరిస్తాను. నియమం మాత్రం మొదటి శుక్రవారం పిల్లలనే అడుగుతాను.